చడీచప్పుడు లేని ఉద్యోగ వేట: ప్రొఫైల్ ఎవరికి ఏం చెబుతుంది?

అమెరికాలో హైక్యూ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. లింక్డ్‌ఇన్‌లో అందరికీ కనిపించే ప్రొఫైళ్లను కంప్యూటర్లతో సేకరించడం, వాటిని విశ్లేషించి ఆ సమాచారాన్ని కంపెనీలకు అమ్మడం దాని వ్యాపారం. అది అమ్మినవాటిలో ఒకదాని పేరు ‘కీపర్’. మీ ఉద్యోగుల్లో ఎవరిని బయటి కంపెనీలు ఎగరేసుకుపోయేలా ఉన్నాయో యాజమాన్యానికి ముందుగానే చెప్పడం కీపర్ పని. ఆ సేకరణ ఆపమని 2017 మేలో లింక్డ్‌ఇన్ నోటీసు ఇచ్చింది. హైక్యూ కోర్టుకు వెళ్లింది. 2022 డిసెంబరులో రాజీ కుదిరేదాకా ఆ వ్యాజ్యం కిందామీదా పడుతూ సాగింది.

కంప్యూటర్ చట్టాల సంగతి పక్కన పెడితే, ఉన్న ఉద్యోగం వదలకుండా కొత్తది వెతుక్కునేవాళ్లు తెలుసుకోవాల్సిన వాదన ఒకటి ఆ కేసులో జరిగింది. ప్రొఫైల్‌లో మార్పులు చేసినప్పుడు పరిచయస్తులకు కబురు వెళ్లకుండా ఆపే సెట్టింగును 5 కోట్లకు పైగా సభ్యులు ఎప్పుడో ఒకప్పుడు వాడుకున్నారని లింక్డ్‌ఇన్ కోర్టుకు చెప్పింది. తమ కదలికలు యజమానుల కంట పడకూడదని ఇంతమంది కోరుకుంటున్నారన్నది దాని వాదన. 2019లో అప్పీలు కోర్టు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అస్తమానం కబుర్లు పంపి పరిచయస్తులను విసిగించడం ఇష్టంలేక కూడా ఆ మీట ఆపి ఉండవచ్చు కదా అంది. ప్రొఫైల్‌ను లోకమంతటికీ తెరిచి పెట్టినవాళ్లు అందులోని సమాచారం గుట్టుగా ఉంటుందని ఆశించారనడానికి పెద్దగా ఆధారం లేదంది.

కోర్టు చూపిన ఈ తేడాయే మొత్తం ప్రశ్నకు తాళంచెవి. చాటింపు ఆపడం వేరు, దాచడం వేరు. లింక్డ్‌ఇన్, నౌకరీ లాంటి చోట్ల ఉన్న సెట్టింగుల్లో ఎక్కువ భాగం చాటింపును ఆపుతాయి, కొన్ని కొంతమంది కళ్లకు అడ్డుపడతాయి, పూర్తిగా దాచేది మాత్రం ఏదీ లేదు. అసలు ప్రొఫైల్ ఉండటాన్ని ఏ మేనేజరూ తప్పు పట్టడు, ఈ రోజుల్లో ప్రొఫైల్ లేకపోతేనే విచిత్రం. నాలుగేళ్లుగా కదలని ప్రొఫైల్ ఒక్క వారంలో కొత్త ఫొటో, కొత్త శీర్షిక, కొత్త నైపుణ్యాలు, ముగ్గురి సిఫారసులతో ముస్తాబైతేనే అనుమానం మొదలవుతుంది. అందుకే ఏ సెట్టింగు ఏం చేస్తుందన్న దానితోపాటు, ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత మార్చాలి అన్నది కూడా ఆలోచించాలి.

చిరునామా: ఒక్కసారి మార్చి వదిలేయాల్సినది

లింక్డ్‌ఇన్‌లో చేరినప్పుడు ప్రొఫైల్‌కు దానంతట అది ఒక చిరునామా ఇస్తుంది. పేరు, దాని వెనక అర్థంలేని అంకెలూ అక్షరాలూ ఉంటాయి. దాన్ని మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

```
linkedin.com/in/peru-intiperu-7a31b9204
linkedin.com/in/peru-intiperu
```

కంప్యూటర్‌లో ప్రొఫైల్ తెరిస్తే కుడివైపు `Public profile & URL` అని కనిపిస్తుంది. దాన్ని నొక్కి, వచ్చిన పేజీలో `Edit your custom URL` దగ్గర మార్చాలి. మనం రాసే భాగం 3 నుంచి 100 అక్షరాల మధ్య ఉండాలి. ఖాళీలు, అడ్డగీత తప్ప ఇతర ప్రత్యేక చిహ్నాలు కుదరవు. పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే. ఆరు నెలల్లో అయిదుసార్లకు మించి మార్చనివ్వదు.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతోనే. సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా విడిపోయి ఇంకో గడిలోకి వెళుతుంది. ఆఫీసులో పిలిచేది మూడో పేరు. వెంకట, సాయి, లక్ష్మి లాంటి మాటలు కలిసిన పేర్లు వేలల్లో ఉంటాయి కాబట్టి కోరుకున్న చిరునామా ఎప్పుడో ఎవరో తీసేసుకుని ఉంటారు. అప్పుడు చాలామంది పుట్టిన సంవత్సరమో, చేస్తున్న పనో, కంపెనీ పేరో తగిలిస్తారు. మూడూ పొరపాట్లే. పుట్టిన సంవత్సరం వయసు చెప్పేస్తుంది, పైగా పాస్‌వర్డులు ఊహించేవాళ్లకు ఉపయోగపడుతుంది. కంపెనీ పేరు ఉద్యోగం మారిన రోజునే పాతబడుతుంది. పని పేరు పెడితే, మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కు మారాలనుకునే మనిషి చిరునామాలో ఇంకా పాత పనే కనిపిస్తుంది. రెజ్యూమేలో ఏ పేరు ఉందో అదే వాడి, ఖాళీ లేకపోతే ఇంటిపేరును ముందుకో వెనక్కో జరపడం, లేదా పొడి అక్షరాన్ని చివర చేర్చడం మేలు.

చిరునామా మార్పు పరిచయస్తులకు చాటింపు వేసే సంగతుల జాబితాలో లేదు. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు మార్చేది కూడా కాదు. పాత లింకు అప్పటికే పంపిన రెజ్యూమేల్లో, మెయిల్ సంతకంలో, గిట్‌హబ్ పేజీలో ఉండవచ్చు. కొత్తది పెట్టాక పాతది పనిచేస్తూనే ఉంటుందని నమ్ముకోకూడదు. దరఖాస్తులు వెళ్లడం మొదలయ్యాక చిరునామా మారిస్తే, రిక్రూటర్ నొక్కిన లింకు ఎక్కడికీ తీసుకెళ్లకపోవచ్చు. వేట మొదలుపెట్టాలనే ఆలోచన రాకముందే మార్చి, ఆ తర్వాత దాని జోలికి వెళ్లకపోవడం ఉత్తమం.

అదే పేజీలో కుడివైపు ఇంకో మీట ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో లాగిన్ కానివాళ్లకూ గూగుల్‌కూ ప్రొఫైల్ కనిపించాలా వద్దా అన్నది దాంతో తేల్చుకోవచ్చు. మొత్తం ఆపేయవచ్చు, లేదా పేరు, శీర్షిక, ప్రస్తుత ఉద్యోగం ఉంచి మిగతా భాగాలను ఒక్కొక్కటిగా తీసేయవచ్చు. ఆపేస్తే అవకాశాలు పోతాయన్న భయం ఉద్యోగులకు ఉంటుంది. నిజానికి పోయేది కొంచెమే. రిక్రూటర్ ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటాడు కాబట్టి రెజ్యూమేలోని లింకు అతనికి మామూలుగానే తెరుచుకుంటుంది. హైక్యూ వాడినలాంటి సేకరణ యంత్రాలకు మాత్రం దారి చాలావరకు మూసుకుంటుంది. మీట ఆపిన మరుక్షణం గూగుల్‌లోంచి మాయమవదు, అది తన దగ్గరున్న పాత ప్రతిని మార్చుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఫలితం చూడాలంటే బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, లాగిన్ కాకుండా మన చిరునామాను మనమే కొట్టి చూసుకోవాలి.

మెయిలు, ఫోను, రెజ్యూమే ఫైలు

సంప్రదింపు వివరాల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది బయటికి కనిపించని వివరమే. లింక్డ్‌ఇన్ ఖాతాకు ముఖ్యమైన మెయిల్‌గా ఏది ఇచ్చారన్నది చూసుకోవాలి. క్యాంపస్ నుంచి నేరుగా ఉద్యోగంలో చేరినవాళ్లలో కొందరు ఆఫీసు మెయిల్‌తోనే ఖాతా తెరుస్తారు. అలాంటప్పుడు రిక్రూటర్ పంపిన సందేశం తాలూకు సమాచారం, జాబ్ అలర్టులు, ‘మీ దరఖాస్తును చూశారు’ అనే కబుర్లు అన్నీ కంపెనీ సర్వర్లోకే వచ్చి పడతాయి. ఆ మెయిల్‌బాక్స్ కంపెనీది. అందులో ఉన్నది చూసే హక్కు తమకుందని చాలా కంపెనీలు చేరిన రోజే కాగితం మీద సంతకం పెట్టించుకుంటాయి. పైగా రాజీనామా చేసిన చివరి రోజున మెయిల్ ఆగిపోతే, ఖాతాలోకి వెళ్లే దారి కూడా ఆగిపోతుంది. కాబట్టి సొంత మెయిల్‌ను జోడించి, దాన్ని ముఖ్యమైనదిగా మార్చడం మొట్టమొదటి పని.

తర్వాత ఆ మెయిల్ ఎవరికి కనిపిస్తోందో చూడాలి. `Visibility` సెట్టింగుల్లో `Who can see or download your email address` అనే చోట నాలుగు అంచెలున్నాయి: మనకు మాత్రమే, నేరుగా పరిచయం ఉన్నవాళ్లకు, వాళ్ల పరిచయస్తులకు కూడా, సభ్యులందరికీ. మేనేజరూ పక్క సీటు సహోద్యోగీ నేరుగా పరిచయం ఉన్నవాళ్లలోకే వస్తారు. మనకు మాత్రమే అని పెట్టుకుంటే నష్టమేమీ లేదు, రిక్రూటర్లు మెయిల్ తెలియకుండానే లింక్డ్‌ఇన్ లోపల సందేశం పంపగలరు. అయితే ‘నా గురించి’ భాగంలో మనమే స్వయంగా మెయిలూ ఫోన్ నంబరూ రాసి పెడితే ఈ సెట్టింగులు ఏమీ చేయలేవు. అది ప్రొఫైల్ చూసిన ప్రతివారికీ కనిపిస్తుంది.

ఇదే చోట ఉండే ఇంకో రెండు సెట్టింగులను ఎవరూ పట్టించుకోరు. మన మెయిల్ గానీ ఫోన్ నంబరు గానీ తెలిసినవాళ్లు వాటి ద్వారా మన ప్రొఫైల్ కనుక్కోవచ్చా అని అవి అడుగుతాయి. హెచ్‌ఆర్ దగ్గర మన నంబరు ఎలాగూ ఉంటుంది. రెండింటినీ ఎవరికీ వద్దు అని పెట్టుకోవచ్చు.

ఫోన్ నంబరు రెజ్యూమేలో ఉంటే చాలు. అది కంపెనీ ఇచ్చిన సిమ్ కాకూడదు. ఫోన్‌లో రెండు సిమ్‌లు ఉండటం మనకు మామూలే కాబట్టి, వేటకు రెండో నంబరు కేటాయించుకుంటే స్టాండప్ మీటింగ్ మధ్యలో వచ్చే కాల్ ఏ సిమ్‌ది అన్నది చూడగానే తెలుస్తుంది. ఆ నంబరుకు వాట్సాప్ పెడితే దాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరవకూడదు. స్క్రీన్ షేర్ చేస్తుండగా మూలన మెరిసే ఒక్క నోటిఫికేషన్ చాలు, అన్ని సెట్టింగులూ వృథా. మెయిల్ విషయంలో జీమెయిల్ వాడేవాళ్లకు ఒక చిన్న సదుపాయముంది. సొంత చిరునామాలో @ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట చేర్చినా, మెయిల్ అదే పెట్టెలోకి వస్తుంది.

```
peru.intiperu+naukri@gmail.com
peru.intiperu+agency1@gmail.com
```

ఒక్కో చోట ఒక్కో మాట చేర్చి ఇస్తే, తర్వాత ముక్కూమొహం తెలియని కన్సల్టెన్సీ నుంచి మెయిల్ వచ్చినప్పుడు మన వివరాలు ఎవరి చేతిలోంచి జారాయో తెలుసుకోవచ్చు. కొన్ని దరఖాస్తు ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. అక్కడ మామూలు చిరునామా ఇవ్వక తప్పదు.

ఇక రెజ్యూమే ఫైలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వర్డ్ తెరిచి రాసిన ఫైల్‌లో రచయిత పేరు, కొన్నిసార్లు కంపెనీ పేరు కూడా లోపల దాగి ఉంటాయి. పీడీఎఫ్‌గా మార్చినా రచయిత పేరు వెంట రావచ్చు. పీడీఎఫ్ తెరిచి `File → Properties` చూస్తే కనిపిస్తుంది. స్నేహితుడి రెజ్యూమేను దిద్దుకుని వాడినవాళ్ల ఫైల్‌లో స్నేహితుడి పేరే రచయితగా ఉండిపోయే సందర్భాలూ ఉంటాయి. వర్డ్‌లో `File → Info → Check for Issues → Inspect Document` నొక్కి వాటిని తుడిచేయవచ్చు. అన్నిటికన్నా మంచి మార్గం, వేటకు సంబంధించిన ఏ పనీ ఆఫీసు యంత్రంలో, ఆఫీసు వైఫైలో చేయకపోవడం. కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏయే సైట్లు తెరిచారన్నది ఐటీ విభాగానికి తెలుస్తుంది, లింక్డ్‌ఇన్ సెట్టింగులకు అక్కడ అధికారం లేదు.

కబురు ఆగుతుంది, మార్పు ఆగదు

ఉద్యోగం, చదువు, పనిలో చేరి ఇన్నేళ్లయిందన్న సంగతులు పరిచయస్తులకు వెళ్లకుండా ఆపే మీట `Visibility` సెట్టింగుల్లోనే ఉంది. ఉద్యోగ వివరాలు మార్చేటప్పుడు కూడా నెట్‌వర్క్‌కు తెలియజేయాలా అని విడిగా అడుగుతుంది. రెండూ ఆపాలి, మార్పులు మొదలుపెట్టకముందే ఆపాలి. వెళ్లిపోయిన కబురును వెనక్కి తెచ్చే మీట లేదు.

అయితే కోర్టు గుర్తు చేసినట్టు, ఇవి ఆపేది కబురును మాత్రమే. మేనేజరు మన పేజీ తెరిస్తే మారినదంతా కనిపిస్తుంది. ఇష్టపడిన పోస్టులు, రాసిన వ్యాఖ్యలు ఈ మీట కిందకు రావు. మనదేశంలో గుట్టు తరచుగా బయటపడే దారుల్లో ఇదొకటి. రిక్రూటర్ ఒక ఖాళీ గురించి పోస్టు పెడతాడు, కింద వందలమంది ‘ఇంట్రెస్టెడ్’ అని రాస్తారు. కొందరు మెయిలూ నంబరూ కూడా పెడతారు. ఆ ఒక్క మాట పరిచయస్తుల ఫీడ్‌లో మన పేరుతో సహా ప్రత్యక్షమవుతుంది. ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు. చెప్పదలిచింది రిక్రూటర్‌కు విడిగా సందేశంలో చెప్పాలి.

పరిచయాల జాబితా ఇతరులకు కనబడకుండా చేయవచ్చు. ఒకే వారంలో పాతికమంది రిక్రూటర్లను కలుపుకున్న సంగతి అప్పుడు కనబడదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పరిచయాలు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. అలాగే ఇతరుల ప్రొఫైల్ చూసినప్పుడు మన పేరు వాళ్లకు తెలియకుండా `Private mode` పెట్టుకోవచ్చు. డబ్బు కట్టని ఖాతాల్లో అందుకు బదులుగా మన ప్రొఫైల్‌ను ఎవరు చూశారన్న జాబితా మనకూ అందదు. వేటలో ఉన్నవాళ్లకు ఆ జాబితా విలువైనదే, ఏ కంపెనీ రిక్రూటర్ వచ్చి చూశాడో దాంతోనే తెలుస్తుంది. సొంత కంపెనీ వాళ్లనో, పోటీ కంపెనీలోని పాత మేనేజర్‌నో చూసేటప్పుడు మాత్రమే దాన్ని పెట్టుకుని, మిగతా రోజుల్లో తీసేయడం తెలివైన పని.

‘రిక్రూటర్లకు మాత్రమే’ అంటే ఎవరికి?

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పుకోవడానికి లింక్డ్‌ఇన్‌లో రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ చెప్పడం, అప్పుడు ఫొటో చుట్టూ #OpenToWork అనే ఆకుపచ్చ పట్టీ వస్తుంది. ఇది 2020లో వచ్చింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పనికిరాదు. రెండోది `Recruiters only`. ఇది ప్రొఫైల్ పేజీలో కనిపించదు. లింక్డ్‌ఇన్ రిక్రూటర్ అనే ఖరీదైన సాధనం కొనుక్కున్నవాళ్లకే కనిపిస్తుంది.

మన కంపెనీ హెచ్‌ఆర్ కూడా ఆ సాధనాన్ని కొని ఉంటే? వాళ్లకూ, అనుబంధ సంస్థల వాళ్లకూ కనిపించకుండా చర్యలు తీసుకుంటామని లింక్డ్‌ఇన్ అంటుంది. పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా చెబుతుంది. ఆ హామీ ఎక్కడ తెగుతుందో చూడాలంటే, అడ్డుగోడ దేని మీద నిలబడిందో చూడాలి. మన కంపెనీ ఏదన్నది మనం రాసిన ప్రస్తుత ఉద్యోగం నుంచే దానికి తెలియాలి. కంపెనీ పేరు టైపు చేసేటప్పుడు కిందకు జారే జాబితాలోంచి అసలు పేజీని ఎంచుకుంటేనే మన ఉద్యోగానికీ ఆ కంపెనీ పేజీకీ లంకె పడుతుంది. ఎంచుకోకుండా చేత్తో టైపు చేసి వదిలేస్తే పేరు పక్కన కంపెనీ గుర్తు బదులు బూడిదరంగు బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మ కనిపిస్తే గోడ ఉందని నమ్మకూడదు.

ఇందులోంచే ఒక విచిత్రం పుడుతుంది. గుట్టు కోసం కొందరు కంపెనీ పేరు దాచి, ‘ప్రముఖ బహుళజాతి సంస్థ’ అని రాసుకుంటారు. దాంతో సొంత కంపెనీకి అడ్డుకట్ట వేయగలిగిన ఒక్క వివరాన్నీ వాళ్లే చెరిపేసుకున్నట్టవుతుంది. ఇక్కడ ఉన్న పేరు ఉన్నట్టు చెప్పినవాడికే కొంత రక్షణ.

హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసే వేలమందికి ఇంకో మెలిక ఉంది. ఒక టెస్టింగ్ ఇంజినీర్‌ను ఊహించుకుందాం. ఆమెకు జీతమిచ్చేది ఒక కాంట్రాక్టు కంపెనీ. రోజూ వెళ్లి పనిచేసేది ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో. లింక్డ్‌ఇన్‌లో ఆమె బ్యాంకు పేరే రాసుకుంది, పరువు అందులోనే ఉంది మరి. ఇప్పుడామె `Recruiters only` పెడితే గోడ బ్యాంకు హెచ్‌ఆర్‌కు అడ్డుపడుతుంది. ఆమెను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ రిక్రూటర్లకు అడ్డేమీ లేదు. రోజంతా ఇలాంటి టెస్టర్ల కోసమే వెతికే ఆ కంపెనీ జాబితాలో ఆమె పేరే పైకి తేలవచ్చు. జీతమిచ్చే కంపెనీ పేరు రాసి, వివరణలో క్లయింటు గురించి చెబితే ఆ తలుపు మూసుకుంటుంది. అప్పుడు బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది. ఏది ఎక్కువ ప్రమాదమో ఆమే తేల్చుకోవాలి. నోటీస్ పీరియడ్, రిలీవింగ్ లెటర్ చేతిలో పెట్టుకున్నది జీతమిచ్చే కంపెనీయే కాబట్టి, సాధారణంగా దాన్ని మూయడమే నయం.

మూడో తలుపును ఎవరూ మూయలేరు. కంపెనీలు తమ ఖాళీల భర్తీని బయటి కన్సల్టెన్సీలకు ఇస్తాయి. ఆ కన్సల్టెన్సీ ఉద్యోగి లింక్డ్‌ఇన్ దృష్టిలో వేరే కంపెనీ మనిషి. అతనికి మన కోరిక కనిపిస్తుంది. అతను మన మేనేజర్‌కే అభ్యర్థుల జాబితా పంపుతుండవచ్చు. జాగ్రత్తపరుడైన రిక్రూటర్ ప్రస్తుత కంపెనీ పేరు చూసి పక్కన పెడతాడు. కానీ అది అతని మర్యాద మీద ఆధారపడిన సంగతి, సెట్టింగు చేసే పని కాదు.

నౌకరీలో లెక్క తిరగబడుతుంది

ఇన్ఫో ఎడ్జ్ 1997లో మొదలుపెట్టిన నౌకరీ దగ్గర సంగతి వేరు. అక్కడ సహోద్యోగులు తిరగరు, రెజ్యూమేల నిధిని డబ్బు కట్టి వెతికే రిక్రూటర్లే ఉంటారు. అందుకని లింక్డ్‌ఇన్‌లో అనుమానం పుట్టించే మార్పే ఇక్కడ లాభం. ఈమధ్య కదలిక ఉన్న ప్రొఫైల్‌కు రిక్రూటర్లు ముందు ఫోన్ చేస్తారు కాబట్టి, రోజూ పొద్దున్నే ఒక్క మాటైనా మార్చి సేవ్ చేయమనే సలహా హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడి ప్రమాదం ఒక్కటే: ఆ నిధిని కొనుక్కున్నవాళ్లలో మన కంపెనీ కూడా ఉండవచ్చు. అందుకు సెట్టింగుల్లో కంపెనీలను బ్లాక్ చేసే ఏర్పాటు ఉంది. దాన్ని వాడేటప్పుడు ఒక్క పేరుతో ఆగకూడదు. జీతం స్లిప్పు మీదున్న చట్టబద్ధమైన పేరు, వాడుకలో ఉన్న పొట్టిపేరు, మాతృసంస్థ, అదే గ్రూపులోని ఇతర కంపెనీలు, కాంట్రాక్టులో ఉంటే క్లయింటు, అన్నీ వెతికి చేర్చాలి. కన్సల్టెన్సీల తలుపు ఇక్కడా తెరిచే ఉంటుంది. పైగా ఇక్కడ రెజ్యూమే మొత్తం డౌన్‌లోడ్ అవుతుంది. ఈ రోజు బ్లాక్ చేస్తే నిన్న తీసుకున్న ప్రతి వెనక్కి రాదు, కాబట్టి రెజ్యూమే ఎక్కించడానికి ముందే బ్లాక్ చేయాలి. నోటీస్ పీరియడ్ గడిలో త్వరగా కాల్స్ రావాలని ‘సర్వింగ్ నోటీస్’ ఎంచుకునేవాళ్లున్నారు. ఇంకా రాజీనామా చేయని మనిషికి అది అబద్ధం. ఆ మాట కంపెనీ చెవిన పడితే సర్దిచెప్పుకోవడమూ కష్టం.

వరుస ఎలా ఉండాలి

పైన చెప్పుకున్న టెస్టింగ్ ఇంజినీర్ ఈ పనులన్నీ ఏ వరుసలో చేస్తే బాగుంటుందో చూద్దాం. మొదటి రోజు సొంత ల్యాప్‌టాప్‌లో కూర్చుని ఖాతా మెయిల్ మారుస్తుంది, చాటింపు మీట ఆపుతుంది, పరిచయాల జాబితా మూస్తుంది. అదే రోజు చిరునామా సరిచేసి, లాగిన్ కానివాళ్లకు పేరూ శీర్షికా లాంటి కొద్ది వివరాలే కనిపించేలా పెడుతుంది. వీటిలో ఏదీ మేనేజర్‌కు వింతగా అనిపించే మార్పు కాదు. అప్పుడు ప్రస్తుత కంపెనీగా జీతమిచ్చే సంస్థ పేజీని ఎంచుకుంటుంది, నెట్‌వర్క్‌కు తెలపవద్దని చెప్పి.

తర్వాత మూడు నాలుగు వారాల మీద, విడివిడిగా, ఆటోమేషన్ ప్రాజెక్టు వివరాలు ఒక రోజు, కొత్తగా నేర్చిన టూల్ ఒక రోజు చేరుస్తుంది. శీర్షికలో ‘కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను’, ‘వెంటనే చేరగలను’ లాంటి మాటలు రాయదు. చేసే పనినే ఇంకాస్త కచ్చితంగా చెబుతుంది. సిఫారసు కావాలంటే ఇప్పటి సహోద్యోగులను కాకుండా పాత కంపెనీ వాళ్లను ఒక్కొక్కరినే అడుగుతుంది. ఈ లోగా నంబరూ మెయిలూ సరిచూసిన రెజ్యూమే తయారవుతుంది, లోపలి వివరాలు తుడిచి. నౌకరీలో ముందు కంపెనీలను బ్లాక్ చేసి, ఆ తర్వాతే దాన్ని ఎక్కిస్తుంది. `Recruiters only` మీట అన్నిటికన్నా చివర.

పెట్టింది పెట్టినట్టు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలున్నాయి. ప్రైవేట్ విండోలో సొంత చిరునామా తెరిస్తే లోకానికి ఏం కనిపిస్తోందో తెలుస్తుంది. నమ్మకమైన పాత స్నేహితురాలి ఫోన్‌లో ప్రొఫైల్ తెరిపించి `Contact info` నొక్కిస్తే, పరిచయస్తులకు మెయిల్ కనిపిస్తోందో లేదో తేలిపోతుంది. పరిచయం లేని ఇంకొకరి ఫోన్‌లో తన నంబరు ద్వారా ప్రొఫైల్ దొరుకుతోందేమో చూడవచ్చు. రిక్రూటర్ తెర మీద ఏం కనిపిస్తోందో మాత్రం మనం పరీక్షించలేం. కంటితో చూసుకోలేని ఆ ఒక్కచోటే అంతా లింక్డ్‌ఇన్ మాట మీద ఆధారపడాలి. దాని హామీ ఎంత వదులుగా ఉందో పైన చూశాం.

అందువల్ల ‘అన్నీ ఆపేసి కూర్చో’ అనే సలహా, ‘భయమెందుకు, రిక్రూటర్లకు మాత్రమే అని పెట్టేయ్’ అనే సలహా రెండూ సగం సగమే. మొదటిది పాటిస్తే అవకాశమే తలుపు తట్టదు. రెండోది కాంట్రాక్టు ఉద్యోగుల దగ్గర, గ్రూపు కంపెనీల దగ్గర, కన్సల్టెన్సీల దగ్గర చిల్లులు పడుతుంది. చిన్న ఊళ్లలో, ఇరుకైన రంగాల్లో పనిచేసేవాళ్లకు, అంటే పదిమంది రిక్రూటర్లే అందరినీ ఎరిగిన చోట, ఆ చిల్లులు మరీ పెద్దవి. అలాంటివాళ్లు ఆ మీట ముట్టుకోకుండా, ప్రొఫైల్‌ను ఏడాది పొడవునా కాస్త కాస్తగా తాజాగా ఉంచుకుని, నచ్చిన కంపెనీకి నేరుగా దరఖాస్తు పంపడం లేదా తెలిసినవారి రిఫరల్ తీసుకోవడం మేలు. అప్పుడు సంగతి తెలిసినవాళ్లు ఎందరో, వాళ్లెవరో లెక్క మన దగ్గరే ఉంటుంది. పెద్ద నగరంలో, పెద్ద కంపెనీ పేరోల్ మీద, జాబితాలోంచి ఎంచుకున్న కంపెనీ పేజీతో ఉన్నవాళ్లు `Recruiters only` వాడుకోవచ్చు. దాన్ని పెట్టిన రోజునే, మేనేజర్ అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకోవాలి.